బస్తర్ బడిలో ఎనిమిది నిమిషాల వార్మప్: ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి

చింతూరు దాటగానే వచ్చే కోంటా నుంచి ఉత్తరాన కాంకేర్ దాకా ఏడు జిల్లాల బస్తర్ డివిజన్‌లో చలికాలం ఇప్పుడు ఆటల కాలం కూడా. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తొలిసారి నిర్వహించిన బస్తర్ ఒలింపిక్స్‌కు లక్షన్నరకు పైగా పేర్లు నమోదయ్యాయి. బ్లాకు, జిల్లా స్థాయి పోటీలు దాటినవారు డిసెంబరులో జగదల్‌పూర్‌లో తుదిపోటీలు ఆడారు. 14 నుంచి 17 ఏళ్ల పిల్లలకు జూనియర్ విభాగం ఉంది. కబడ్డీ, ఖోఖో, పరుగు, విలువిద్య, ఫుట్‌బాల్ వంటి ఆటలన్నీ అందులో ఉన్నాయి. ఆ పిల్లల్ని తయారుచేయాల్సింది చాలాచోట్ల ఆశ్రమ పాఠశాలలో ఉన్న ఒక్క ఉపాధ్యాయుడే. ఆయనకు దొరికేది ఒక్క పీరియడే.

అలాంటి ఒక బడిని ఊహించుకుందాం. డిసెంబరు ఉదయం, మైదానంలో నలభై మంది పిల్లలు, చాలామంది కాళ్లకు బూట్లు లేవు. పీరియడ్ 40 నిమిషాలు. హాజరు, వరుసలు పోను 32 మిగులుతాయి. అందులో వార్మప్‌కు ఎనిమిదికి మించి ఇస్తే ఆట నేర్పడానికి సమయం ఉండదు. ఆ ఎనిమిదిలో ఏం చేయించాలన్నదే ప్రశ్న.

ముందు మానాల్సింది

చాలా బడుల్లో వార్మప్ అంటే పిల్లలు వరుసగా నిలబడి, వంగి కాలివేళ్లు పట్టుకుని, పది లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండటం. లెక్క వేస్తే దీని ఖర్చు తెలుస్తుంది. పిక్క, తొడ ముందు, తొడ వెనుక, తుంటి అనే నాలుగు చోట్ల, రెండు కాళ్లకూ, అరనిమిషం చొప్పున సాగదీస్తే నాలుగు నిమిషాలు పోతాయి. ఉన్న సమయంలో సగం అయిపోయినా ఒళ్లు మాత్రం వేడెక్కదు. చలి ఉదయం కదలకుండా నిలబడితే ఉన్న వేడి కూడా తగ్గుతుంది. పైగా ఒకే కండరాన్ని నిమిషం, అంతకు మించి సాగదీసి పట్టుకుంటే, ఆ వెంటనే దాని బలం, వేగం కొంత తగ్గుతాయని అనేక పరిశోధనల్లో తేలింది. కొద్ది సెకన్ల సాగదీతతో నష్టం లేదు కానీ, సమయం లేనప్పుడు దాని చోటు ఆట ముగిశాకే.

వేడి ఎందుకు

కండరం వేడెక్కితే అందులోని రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి, నరాల సంకేతాలు త్వరగా చేరతాయి, కండరం సులువుగా సాగుతుంది. కండరం ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దూకడం, వేగంగా పరుగెత్తడం వంటి పనుల్లో సామర్థ్యం రెండు నుంచి ఐదు శాతం దాకా పెరుగుతుందని అంచనా. కీళ్ల సంగతి వేరు. కీలు లోపల నూనెలా పనిచేసే చిక్కటి ద్రవం కదలికతోనే పలచబడి మృదులాస్థి అంతటా పరుచుకుంటుంది. రాత్రంతా కదలని మోకాలు పొద్దున బిగిసినట్టు అనిపించేది అందుకే. కాబట్టి వేడిని, కీళ్ల కదలికను ఒకేసారి ఇచ్చే పనే తక్కువ సమయంలో లాభసాటి.

నిమిషాల వారీగా

మొదట రాళ్లు, ముళ్లు ఏరించాలి. పిల్లలు మైదానంలోకి వస్తూనే చేసే పని ఇది. నలభై మందిని పదేసి మంది చొప్పున నాలుగు వరుసలు చేసి, 15 మీటర్ల దూరంలో ఒక గీత గీస్తే చాలు. ఒక వరుసంతా కలిసి కదులుతుంది, అది సగం దూరం వెళ్లగానే రెండోది బయలుదేరుతుంది. ఒక్కొక్కరినే పంపితే మిగతావాళ్లు నిలబడే చల్లబడిపోతారు.

మొదటి మూడు నిమిషాలు: నెమ్మది పరుగు, పక్కకు అడుగులు, వెనక్కి పరుగు, మోకాళ్లు ఎత్తుతూ గెంతుతూ నడక. మొదట్లో వేగం వద్దు.

తర్వాతి మూడు నిమిషాలు కీళ్లకు. ఒకసారి మునివేళ్ల మీద, ఒకసారి మడమల మీద నడిస్తే చీలమండలు సిద్ధమవుతాయి. చేతులు పైకెత్తి పెద్ద అడుగు వేసి, వెనుక మోకాలు నేలకు దగ్గరగా దించుతూ నడిస్తే తుంటి, మోకాలు, వెన్ను మూడూ కదులుతాయి. పక్కవాడి భుజం పట్టుకుని ఒక్కో కాలిని ముందుకూ వెనక్కూ పదిసార్లు ఊపాలి. భుజాలను రెండు వైపులా పదేసి సార్లు తిప్పాలి. చివరగా ఎనిమిది గుంజీలు.

ఆఖరి రెండు నిమిషాలు ఆటలోకి దారి. ఐదుసార్లు ఎగిరి మెత్తగా దిగాలి. దిగేటప్పుడు మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలకూడదు. ఉపాధ్యాయుడు కన్నేసి ఉంచాల్సింది ఇక్కడే, ఎందుకంటే అలాంటి దిగుడులో మోకాలికి గాయమయ్యే ముప్పు ఉంటుంది. తర్వాత మూడు పరుగులు: మొదటిది సగం వేగంతో, రెండోది ముప్పావు వేగంతో, మూడోది దాదాపు పూర్తి వేగంతో. ఖోఖో ఉంటే ప్రతి పరుగూ కూర్చున్న చోటు నుంచి లేచి, కబడ్డీ ఉంటే గీత దగ్గర ఆగి తిరిగి వచ్చేలా.

దిగే పద్ధతి నేర్పడం వృథా కాదనడానికి ఆధారం ఉంది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ బాలికల జట్లపై జరిపిన పెద్ద పరిశోధన 2008లో వెలువడింది. పరుగు, బలం, తుల్యత, సరైన దిగుడు కలిపిన 20 నిమిషాల వార్మప్ చేసిన జట్లలో మొత్తం గాయాల ముప్పు దాదాపు మూడో వంతు, తీవ్ర గాయాల ముప్పు సగానికి దగ్గరగా తగ్గింది. ఎనిమిది నిమిషాలకు అంత ఫలితం వస్తుందని ఆశించలేం. కానీ ఆ పరిశోధనలో తరచుగా చేసిన జట్లకే ఎక్కువ మేలు జరిగింది. అందువల్ల అప్పుడప్పుడూ చేసే 20 నిమిషాల కంటే రోజూ చేసే ఎనిమిదే బడికి కుదిరే దారి.

సరిపోయిందని ఎలా తెలుస్తుంది

శ్వాస వేగం పెరగాలి కానీ పిల్లాడు పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. నుదుట సన్నటి చెమట, వెచ్చబడిన అరచేతులు మంచి గుర్తులు. రొప్పుతున్నారంటే వార్మప్పే ఆటగా మారి అలసట తెచ్చిందని అర్థం. ఏప్రిల్, మే నెలల్లో ఒళ్లు ముందే వెచ్చగా ఉంటుంది కనుక మొదటి భాగాన్ని ఒక నిమిషానికి కుదించి, నీడలో చేయించాలి. కీళ్ల భాగం, చివరి పరుగులు మాత్రం అలాగే ఉండాలి.

బస్తర్‌లో మరో జాగ్రత్త తప్పనిసరి. ఇక్కడి ఆదివాసీ సమాజాల్లో సికిల్‌సెల్ సమస్య ఎక్కువ. ఈ జబ్బు ఉన్న పిల్లలకు చలి, నీటి కొరత, ఒక్కసారిగా చేసే తీవ్ర శ్రమ నొప్పిని రేపగలవు. 2023లో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్షలు జరుగుతున్నాయి. ఎవరికి ఉందో ఉపాధ్యాయుడికి తెలిసి ఉండాలి, ఎంత ఆడవచ్చో డాక్టరు చెప్పాలి. ఆ పిల్లలకు ముందే నీళ్లు తాగించి, స్వెటర్ తీయనివ్వకుండా, మొదటి భాగాన్ని మరింత నెమ్మదిగా నడిపించాలి. ఒళ్లు నొప్పి, ఆయాసం అంటే వెంటనే ఆపించాలి. బద్ధకమని గద్దించకూడదు.

పోటీ రోజున ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి. పొద్దున్నే వార్మప్ చేయించి, ప్రారంభ ఉపన్యాసాలు ముగిసేదాకా పిల్లల్ని కూర్చోబెడతారు. ఆగిన పావుగంటకే కండరాల వేడి చాలావరకు దిగిపోతుంది. పిలుపు ఆలస్యమైతే మొత్తం మళ్లీ చేయించనక్కర్లేదు. స్వెటర్లు వేసి ఉంచి, బరిలోకి దిగేముందు రెండు నిమిషాల నెమ్మది పరుగు, ఆ మూడు పరుగులు చేయిస్తే చాలు.