డెబ్బై రెండులో దాక్కున్న ఇరవై ఎనిమిది

ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలైందంటే మా హాస్టల్ కారిడార్లో చిట్కాలు చేతులు మారుతుంటాయి. వాటిలో బాగా పాపులర్ ఇది: "చక్రవడ్డీ లెక్క వస్తే కంగారు పడకు. 72ని వడ్డీ రేటుతో భాగించెయ్. డబ్బు రెట్టింపు కావడానికి ఎన్నేళ్లో వచ్చేస్తుంది." ఎనిమిది శాతమైతే తొమ్మిదేళ్లు. ఆరు శాతమైతే పన్నెండేళ్లు. లాగరిథమ్ టేబుల్ తియ్యక్కర్లేదు. చిట్కా కూడా నిన్నమొన్నటిది కాదు. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచోలీ గణిత గ్రంథం 'సుమ్మా'లోనే ఈ 72 ప్రస్తావన ఉంది.

పరీక్షలో ఆప్షన్ టిక్ చేయడానికి ఇది చాలు. కానీ మనలో చాలామంది ఇళ్లల్లో వడ్డీ అంటే పుస్తకంలో లెక్క కాదు, నెల తిరిగేసరికి తలుపు తట్టే మనిషి. అందుకే ఈ 72 ఎక్కడి దాకా నమ్మదగినదో, ఎక్కడ చెయ్యిస్తుందో ఒకసారి కూర్చుని చూద్దాం.

ముందు, సరిగ్గా పనిచేసే చోటు

పోస్టాఫీసులో కిసాన్ వికాస్ పత్ర అనే పథకం ఉంది. పెట్టిన డబ్బు రెట్టింపు కావడమే దాని ప్రత్యేకత. 2023 ఏప్రిల్ నుంచి దాని వడ్డీ ఏడాదికి 7.5 శాతం, ఏడాదికోసారి అసలులో కలుస్తుంది. రెట్టింపు గడువు 115 నెలలు అని ప్రభుత్వమే ప్రకటించింది. మన చిట్కా ఏమంటుంది? 72ని 7.5తో భాగిస్తే 9.6 సంవత్సరాలు, అంటే 115.2 నెలలు. ఇంతకంటే దగ్గరగా ఏ చిట్కా వస్తుంది చెప్పండి!

ఇదే పథకం 1988లో మొదలైనప్పుడు డబ్బు ఐదున్నరేళ్లలోనే రెట్టింపయ్యేది. దీన్ని వెనక నుంచి లెక్కవేద్దాం. 72ని 5.5తో భాగిస్తే 13.09 శాతం వడ్డీ అనిపిస్తుంది. నిజానికి ఐదున్నరేళ్లలో రెట్టింపు కావాలంటే 13.43 శాతం కావాలి. తేడా చిన్నదే, కానీ మొదలైంది. రేటు పెరిగేకొద్దీ చిట్కా జారడం ఇక్కడి నుంచే కనిపిస్తుంది. ఎందుకు జారుతుందో తెలియాలంటే 72 లోపలికి తొంగిచూడాలి.

72 మనది, 28 వడ్డీ మీద వడ్డీది

లక్ష రూపాయలు, ఎనిమిది శాతం వడ్డీ, తొమ్మిదేళ్లు అనుకోండి. వడ్డీని అసలులో కలపకుండా విడిగా పక్కన పెడుతూ పోతే ఏడాదికి 8,000 చొప్పున తొమ్మిదేళ్లకు 72,000 అవుతుంది. యాదృచ్ఛికం కాదిది. రేటును, 72ని ఆ రేటుతో భాగించగా వచ్చిన ఏళ్లను గుణిస్తే ఎప్పుడూ 72 తిరిగి రావాల్సిందే కదా! అంటే చిట్కా చెప్పిన రోజుకి బారువడ్డీ లెక్కన మన చేతిలో ఉండేది, ఏ రేటైనా సరే, లక్షకి 1,72,000.

మరి రెట్టింపు కావాలంటే ఇంకో 28,000 ఎక్కడిది? అది వడ్డీ మీద వడ్డీ. ఎనిమిది శాతం దగ్గర తొమ్మిదేళ్లకు చక్రవడ్డీతో వచ్చే మొత్తం 1,99,900. అంటే వడ్డీ మీద వడ్డీ 27,900. దాదాపు అతికినట్టు సరిపోయింది.

కాబట్టి ఈ సూత్రం నిజంగా చెప్పేది ఇది: "బారువడ్డీ నూటికి 72 అయ్యేసరికి వడ్డీ మీద వడ్డీ 28 అయి ఉంటుంది." మొదటి సగం ఎప్పుడూ నిజం. రెండో సగం ఒక ఊహ. ఆ ఊహ తప్పిన ప్రతిచోటా చిట్కా తప్పుతుంది.

వడ్డీకి వడ్డీ పుట్టాలంటే వడ్డీ ఎన్నోసార్లు అసలులో కలవాలి. మూడు శాతం రేటు దగ్గర చిట్కా 24 ఏళ్లు అంటుంది. 24 సార్లు కలిశాక లక్ష 2,03,279 అవుతుంది. 28 కంటే ఎక్కువే వచ్చింది, అంటే రెట్టింపు అంతకు ఆరు నెలల ముందే అయిపోయింది. అదే 24 శాతం దగ్గర చిట్కా మూడేళ్లు అంటుంది. ఏడాదికోసారి కలిపితే లక్ష మొదటి ఏడు 1,24,000, రెండో ఏడు 1,53,760, మూడో ఏడు 1,90,662. వడ్డీ మీద వడ్డీ 18,662 మాత్రమే. రెట్టింపు కావడానికి ఇంకో రెండున్నర నెలల పైచిలుకు పడుతుంది. ఇంకా చివరికి పోతే, 72 శాతం వడ్డీకి చిట్కా ఒక్క ఏడాది అంటుంది. ఏడాది తిరిగేసరికి ఉండేది 1,72,000. వడ్డీ మీద వడ్డీ పుట్టడానికి సందే దొరకలేదు.

దిద్దుబాటు

అసలు సూత్రం మనందరం ఫస్టియర్లో చూసినదే:

```
t = ln 2 / ln(1 + r)
```

ఇక్కడ r చిన్నదైతే ln(1 + r)ని r − r²/2 అనుకోవచ్చు. ln 2 విలువ 0.693. ఈ రెండింటినీ కలిపి శాతాల్లోకి మారిస్తే, పైన ఉండాల్సిన సంఖ్య ఒక స్థిరాంకం కాదని తేలుతుంది. అది సుమారుగా 69.3కి రేటులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ కలిపితే వచ్చేది. రేటు 8 దగ్గర ఉంటే అది 72 అవుతుంది. పైగా 72ని 2, 3, 4, 6, 8, 9, 12 అన్నీ నిశ్శేషంగా భాగిస్తాయి కాబట్టి నోటిలెక్కకి అదే నిలబడిపోయింది.

దీని నుంచి గుర్తుపెట్టుకోవడానికి తేలికైన దిద్దుబాటు వస్తుంది: 8 శాతం దాటిన ప్రతి మూడు శాతానికి 72కి ఒకటి కలపండి, తగ్గిన ప్రతి మూడు శాతానికి ఒకటి తీసెయ్యండి. 24 శాతానికి 8 నుంచి దూరం 16. మూడో వంతు 5.3. అంటే 77.3ని 24తో భాగించాలి. 3.22 ఏళ్లు వస్తుంది, అసలు సూత్రం చెప్పేదీ అదే.

రెండు రూపాయల వడ్డీ దగ్గర

ఇప్పుడు మన ఊళ్ల లెక్కకి వద్దాం. మన దగ్గర ఎవరూ "ఏడాదికి ఇరవై నాలుగు శాతం" అనరు. "నూటికి రెండు రూపాయలు" అంటారు, అంటే నెలకి. ఏడాదికి 24 అనుకుని భాగించినా మూడేళ్లే, నెలకి 2 అనుకుని భాగించినా 36 నెలలే. 72కి రెండూ ఒకటే. కానీ అప్పు తీసుకున్న మనిషికి ఒకటి కాదు. ఎందుకంటే వడ్డీ అసలులో ఎప్పుడు కలుస్తుందన్న ప్రశ్న ఈ చిట్కా అస్సలు అడగదు.

లక్ష రూపాయల నోటు, రెండు రూపాయల వడ్డీ, మధ్యలో పైసా కట్టలేదు అనుకుందాం. చిట్కా ప్రకారం 36 నెలలకు రెండు లక్షలు.

నెలనెలా వడ్డీని అసలులో కలిపితే 35 నెలలకే రెట్టింపు. (దిద్దుబాటుతో చూడండి: 2 అనేది 8 కంటే 6 తక్కువ, కాబట్టి 72 బదులు 70. సగం చేస్తే 35.) ఏడాదికోసారి కలిపితే, పైన చూసినట్టు, 38 నెలలు దాటుతుంది. అసలు కలపకుండా బారువడ్డీ అయితే నెలకి రెండు వేలే కాబట్టి పూర్తిగా 50 నెలలు పడుతుంది. ఒకే రేటు, ఒకే లక్ష. 35కీ 50కీ మధ్య ఏడాదికి పైగా తేడా.

ఊళ్లలో నోట్ల మీద వడ్డీ మామూలుగా బారువడ్డీయే. అయితే ఇక్కడొక మెలిక ఉంది. రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే ప్రామిసరీ నోటుకి కాలదోషం పడుతుంది, తర్వాత దాని మీద దావా నిలవదు. అందుకని అప్పిచ్చినవాళ్లు ఆలోపే ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకుంటారు, లేదా కొత్త నోటు రాయించుకుంటారు. కొత్త నోటు రాసేటప్పుడు అందులో అసలు కింద ఎంత వేస్తారు? పాత లక్షా, మూడేళ్ల వడ్డీ 72,000 కలిపి 1,72,000. మన 72 ఇక్కడ మళ్లీ ప్రత్యక్షమైంది!

ఆ సంతకంతో బారువడ్డీ కాస్తా మూడేళ్లకోసారి తిరిగే చక్రవడ్డీ అయిపోయింది. ముందు నెలకి 2,000 ఉన్న వడ్డీ ఇప్పుడు 3,440. రెండు లక్షలకి చేరడానికి మిగిలిన 28,000 మరో ఎనిమిది నెలల్లో వచ్చేస్తుంది. 50 నెలలు పట్టాల్సింది 44 నెలలకే అయిపోయింది. ఇంకో మూడేళ్లకు మళ్లీ తిరగరాస్తే ఆరేళ్ల చివర నోటు మీద అంకె 2,95,840. తిరగరాయకుండా బారువడ్డీగానే నడిచి ఉంటే 2,44,000. ఆ మధ్యనున్న 51,840 ఒక్క సంతకం ధర. రేటు మాత్రం ఆరేళ్లూ "రెండు రూపాయలే".

అందుకే ఇంట్లో నోటు తిరగరాసే సందర్భం వస్తే రేటు ఎంత అని కాదు, అసలు కింద ఎంత వేస్తున్నారు అని చూడాలి. ఉన్నంతలో కొంత కట్టి, తేదీతో చెల్లు రాయిస్తే అసలు లక్ష దగ్గరే ఆగుతుంది.

వాడేటప్పుడు

బ్యాంకు డిపాజిట్ అయినా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఏడు శాతం వడ్డీ మూడు నెలలకోసారి కలిసే డిపాజిట్ ఉందనుకోండి. నేరుగా 72ని 7తో భాగిస్తే పదేళ్ల మూడున్నర నెలలు వస్తుంది. బదులుగా మూడు నెలల రేటు 1.75 తీసుకోండి. దిద్దుబాటుతో పైసంఖ్య దాదాపు 70. భాగిస్తే 40 త్రైమాసికాలు, అంటే పదేళ్లు. నిజమైన జవాబు ఇదే.

కాబట్టి క్రమం ఇలా పెట్టుకోవచ్చు. ముందు వడ్డీ అసలులో కలుస్తుందా లేదా అడగండి. కలవకపోతే 72ని పక్కన పెట్టి 100ని రేటుతో భాగించండి. కలిస్తే ఎన్నాళ్లకోసారో కనుక్కుని, ఆ గడువుకి రేటు ఎంతో తీసుకుని, 8కి ఎంత దూరంలో ఉందో చూసి 72ని సర్దండి. మొత్తం నోటిలెక్కే, అర నిమిషం పని.