మేకులు లేని క్రిస్మస్ తోరణం

మేడమెట్ల పక్కన ఏటవాలుగా దిగే టేకు చేపట్టుకు పచ్చని తోరణం కడితే క్రిస్మస్ కళ ఇల్లంతా వస్తుంది. కాని పండుగ వెళ్లాక ఆ చేపట్టును చూశారా? ఒక ఏడు మా ఇంట్లో సెల్లోటేపుతో అంటించాం. జనవరిలో ఊడదీస్తే టేపుతోపాటు పాలిషూ లేచివచ్చింది. వడ్రంగి వచ్చి గరుకుకాగితంతో రుద్ది మళ్లీ పాలిషు పెట్టేదాకా మా అత్తగారు మాతో మాట్లాడలేదు!

అసలు చిక్కు ఏటవాలుతోనే వస్తుంది. చేపట్టు చుట్టూ వేసిన ముడి బరువుకు కిందికి జారుతుంది. జారకుండా ఉండాలని మేకు కొడతారు. ముడిని చేపట్టుకు కాక, దాని కింద నిలబడ్డ ఊచ పైకొసకు వేసి చూడండి. ఊచ కదలదు కనుక ముడీ జారదు. ముందుగా ఊచకు ఫ్లానెల్ పీలిక చుట్టి, దానిమీద నూలునాడాతో కట్టండి. తీగ మాత్రం వద్దు. గీతలు పడతాయి, ఇనుపదైతే తుప్పుమరకా అంటుతుంది.

మా చేపట్టు పన్నెండడుగులు. రెండేసి అడుగులకొక ముడి చొప్పున ఏడు ముడులు, వాటి మధ్య ఆరు వేలాడే వంపులు. ఒక్కో వంపు అరడుగు దిగాలంటే రెండడుగుల నాలుగంగుళాల దండ పడుతుంది. అంటే మొత్తం పద్నాలుగడుగులు. చివరలకు అడుగేసి కలిపి పదహారడుగుల నూలుతాడు తీసుకున్నాం.

మన వైపు పచ్చదనానికి సరుగుడు చాలు. జానెడేసి రెమ్మలు కోసి, మొదళ్లను రాత్రంతా నీళ్లలో ఉంచండి. పొద్దున దులిపి, కాగితాలమీద తడి ఆరనిచ్చాక, పూలదండ కట్టినట్టే తాడుకు దారంతో కట్టుకు రండి. తడి ఆరకుండా కట్టారో, లక్కపాలిషు మీద తెల్లమచ్చలు పడతాయి.

దండను పైమెట్టు నుంచి కట్టడం మొదలుపెట్టి, చేపట్టుకు బయటివైపునే వేలాడదీయండి. పైభాగం ఖాళీగా ఉండాలి. మోకాళ్ల నొప్పితో దిగే మా అత్తగారు పట్టుకునేది రిబ్బనును కాదు, కర్రను!

దీపాల దండను ముందు నేలమీద పరచి, వెలిగించి చూడండి. ఎక్కడైనా తీగ తొడుగు చిట్లివుంటే వాడకండి. వేడెక్కని ఎల్.ఇ.డి. దీపాలైతే మేలు, ఎందుకంటే సరుగుడు ఎండేకొద్దీ సులువుగా అంటుకుంటుంది. ప్లగ్గు ఉన్న వైపునుంచి వదులుగా చుట్టుకుంటూ పోండి. తీగ మెట్లమీద పడకూడదు. దీపాలు చుట్టాక ఆకులమీద నీళ్లు చల్లకండి, పడుకోబోయే ముందు స్విచ్చి ఆర్పండి. ఆఖరున ఎర్రరిబ్బను పువ్వులు కడితే ముడులు కనబడవు.

రెమ్మను వేళ్లమధ్య లాగి చూస్తూండండి. పొడిగా విరిగి రాలుతున్నదంటే దండకు కాలం తీరినట్టే. పండుగ ఇంకా మిగిలివున్నా ముందు దీపాలు తీసి, తరవాత నాడాలు విప్పండి. ఫ్లానెల్ పీలికలు ఉతికి దాచుకుంటే వచ్చే ఏడుకు పనికొస్తాయి.