పెళ్లిరోజు పోస్టు: మూడోసారి రాసిందే ముద్దు

ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద 2,200 అక్షరాల దాకా రాయొచ్చు. పెళ్లిరోజుకు రెండు వాక్యాలు చాలు.

ఒక భర్త మొదట ఇలా రాశాడనుకుందాం: “నా ప్రాణం, నా లోకం, ఏడేడు జన్మలకూ నువ్వే నా దేవత!” పక్కింటాయన తన భార్య ఫొటో కింద పెట్టుకున్నా ఇది అతికిపోతుంది. లోపం అదే.

పొగడ్తలు కొట్టేస్తే “ప్రతి కష్టంలోనూ తోడున్నావు” అని మిగిలింది. ఏ కష్టంలో? దానికి జవాబు వెతికితే మూడో ప్రతి వచ్చింది: “అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రుళ్లు నువ్వు మేలుకుని నన్ను పడుకోమన్నావు. 12 ఏళ్లయినా మర్చిపోలేదు.”

ఇందులో ప్రేమ అన్న మాటే లేదు. అయినా ఆమెకు తప్ప మరొకరికి చెల్లదు.

ఇంటి సంగతి నలుగురిలో పెడుతున్నారు కాబట్టి, పోస్ట్ చేసే ముందు ఆమెకొకసారి చూపించండి.