ఖాళీ ఆకాశంలో చందమామ

రాత్రి ఆకాశం ఫొటోలో చంద్రుణ్ణి చేర్చేటప్పుడు ముందుగా తప్పేది పరిమాణం. ఆకాశంలో చంద్రబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ మాత్రమే. సెన్సర్ మీద పడే దాని బొమ్మ లెన్సు ఫోకల్ లెంగ్త్‌లో దాదాపు 110వ వంతు ఉంటుంది. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న సెన్సర్‌తో, 24 మిల్లీమీటర్ల లెన్సుతో తీసిన చెరువుగట్టు ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుందాం. అందులో చంద్రుడికి దక్కేది 36 పిక్సెళ్లే. మరీ చిన్నదిగా తోచినా నిజం అదే. తాటిచెట్టు వెనక పెద్ద చంద్రుడు కావాలంటే ఆ చెట్టునే దూరం నుంచి టెలిఫొటో లెన్సుతో తీయాలి.

వెలిగే అంచు ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంటుంది. పొద్దుగూకిన కాసేపటికి పడమటి దిక్కున పున్నమి చంద్రుడు ఉండడు. అక్కడ కనిపించేది విదియ, తదియల నెలవంక, వెలుగంచు సూర్యుడు దిగిన చోటి వైపు.

నల్లని నేపథ్యంలో తీసిన నెలవంకను Screen మోడ్‌లో పెడితే ఆ నలుపు మాయమవుతుంది. అయితే బింబంలోని చీకటి భాగం గుండా వెనకున్న నక్షత్రాలు మెరుస్తాయి. అవి కనిపిస్తే అతుకు బయటపడినట్టే, ముందే చెరిపేయాలి. కాంతి కోసం నెలవంక నకలును Gaussian Blur తో మసకబరచి, పలచగా ఉంచాలి. గాలిలో తేమ, పొగమంచు కనిపించే ఫొటోలోనే దాన్ని పెంచాలి.