బల్ల మీద పాచి: గుడ్డతో తుడిస్తే ఎందుకు పోదు?

మద్దికెరలో గానీ, ఆదోనిలో గానీ ఏ చిన్న హోటల్‌కు పోయినా ఒక దృశ్యం మామూలే. చికెన్ కోసిన బోర్డు మీద నీళ్లు చల్లుతారు, భుజం మీదున్న గుడ్డతో ఒకసారి తుడుస్తారు, అదే బోర్డు మీద ఉల్లిగడ్డ, నిమ్మకాయ కోస్తారు. చూసేవాళ్లకు బోర్డు శుభ్రంగానే కనిపిస్తుంది. కానీ కోడిమాంసంలో ఉండే సాల్మొనెల్లా లాంటి క్రిములు అంత తేలికగా పోవు. చికెన్ ఉడుకుతుంది కాబట్టి దాంట్లోవి చచ్చిపోతాయి. ఉల్లిగడ్డ పచ్చిదే ప్లేట్‌లోకి వస్తుంది. జ్వరం, వాంతులు, విరేచనాలు మొదలయ్యేది అక్కడే.

తుడిచినా ఎందుకు పోవు? ఆహార పరిశుభ్రత మీద వచ్చే పరిశోధన పత్రాలు దీనికి చెప్పే జవాబు బయోఫిల్మ్. మన భాషలో దీనికి పాత మాటే ఉంది: పాచి. పొద్దున లేవగానే పళ్ల మీద ఉండేది, తడి ఆరని బావి మెట్ల మీద కాలు జారేట్టు చేసేది ఇలాంటి పొరే. నోట్లో నీళ్లు పోసుకుని ఎంత పుక్కిలించినా పళ్ల పాచి పోదు కదా. వేపపుల్లతోనో బ్రష్‌తోనో రుద్దాల్సిందే. కోసే బోర్డు, స్టీలు బల్ల, మిక్సీ జారు విషయంలో కూడా లెక్క ఇదే.

పాచి ఎట్లా పడుతుంది?

ముందు మాంసం రసం, పాలు, గుడ్డు సొన లాంటివి బల్ల మీద కంటికి కనిపించని పలచని పొరగా అంటుకుంటాయి. ఆ పొర మీద క్రిములు వాలతాయి. మొదట్లో వాటి పట్టు వదులుగా ఉంటుంది, అప్పుడే కడిగితే చాలావరకు కొట్టుకుపోతాయి. వదిలేస్తే కొన్ని గంటల్లోనే అవి ఒక జిగట పదార్థాన్ని వదలడం మొదలుపెడతాయి. చక్కెర జాతి పదార్థాలు, ప్రొటీన్లు కలిసిన జిగురు అది. ఆ జిగురే వాటికి గోడ, పైకప్పు. రోజుల తరబడి అట్లాగే ఉంటే పొర మందమవుతుంది, దాంట్లోంచి కొన్ని క్రిములు విడిపోయి పక్కన ఉన్న వస్తువుల మీదికి పోతాయి.

గుడ్డతో తుడిచినప్పుడు పోయేది పైపై పొర మాత్రమే. కత్తి గాట్ల అడుగున ఉన్నవి అక్కడే ఉంటాయి. పైగా రోజంతా తడిగా ఉండే ఆ గుడ్డ కూడా క్రిములకు ఇల్లే. ఒక బల్ల మీదివి ఇంకో బల్లకు అదే మోస్తుంది.

లెక్క వేసి చూద్దాం. తుడిచిన తర్వాత ఒక గాటులో 100 క్రిములు మిగిలాయనుకోండి. మన ఎండాకాలం వేడిలో, తడి, తిండి దొరికితే అరగంటకు ఒకసారి అవి రెట్టింపు కావచ్చు. ఆ లెక్కన 6 గంటల్లో 12 సార్లు రెట్టింపై 4 లక్షలు దాటతాయి. పొద్దున 10 గంటలకు తుడిచిన బోర్డు సాయంత్రం 4 గంటలకు ఉండే పరిస్థితి అది.

మందు పోస్తే చాలదా?

చాలామంది మురికి మీదే నేరుగా బ్లీచింగ్ నీళ్లు పోస్తారు. క్లోరిన్‌కు ఒక గుణం ఉంది. ఎదురైన ప్రతి జిడ్డుతో, ప్రతి ప్రొటీన్‌తో అది కలిసి ఖర్చయిపోతుంది. జిగురు పై పొరతోనే దాని బలం అయిపోతే అడుగున ఉన్న క్రిములదాకా చేరదు. నీళ్లలో విడిగా తేలే క్రిములను చంపే మోతాదు పాచిలో ఉన్నవాటికి సరిపోదని పరిశోధనల్లో మళ్లీమళ్లీ తేలింది.

దీనికి పెద్ద ఉదాహరణ కెనడాలో 2008లో జరిగింది. టొరంటోలో మేపుల్ లీఫ్ ఫుడ్స్ అనే కంపెనీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మాంసం ముక్కలు తిని లిస్టీరియా అనే క్రిమి సోకి 20 మందికి పైగా చనిపోయారు. అక్కడ కడగకపోవడం అంటూ లేదు. మాంసం కోసే యంత్రాలను తయారీదారు చెప్పిన పద్ధతిలోనే శుభ్రం చేసేవాళ్లు. కానీ యంత్రం లోపల, చెయ్యి పోని చోట మాంసం తుక్కు పేరుకుపోయి ఉండింది, క్రిములకు అదే స్థావరం అయ్యుంటుందని తర్వాత గుర్తించారు. అంతకుముందు పరీక్షల్లో లిస్టీరియా జాతి బయటపడినప్పుడల్లా కడిగేవాళ్లు. ఫలితం బాగా వచ్చేది, కొన్నాళ్లకు మళ్లీ బయటపడేది. మళ్లీమళ్లీ వస్తోందంటే లోపల ఎక్కడో పాచి ఉందని అర్థం. ఆ సంకేతాన్ని సమయానికి పట్టుకోలేదు.

మన హోటళ్లలో అలాంటి యంత్రాలు లేకపోవచ్చు. కానీ ఉగ్గానిలోకి చట్నీ రుబ్బే మిక్సీ జారు ఉంది. దాని బ్లేడు కింద, మూత రబ్బరు వెనక వేలు పెట్టి చూడండి. చెయ్యి పోని చోటు అదే.

వరుస తప్పకూడదు

పాచి పోవాలంటే పని ఈ వరుసలో జరగాలి. ముందు తుక్కు గీకేసి, చల్లటి లేదా గోరువెచ్చని నీళ్లతో కడగాలి. నెత్తురు, గుడ్డు, పాల మీద మొదటే మరిగే నీళ్లు పోస్తే ప్రొటీన్ గడ్డకట్టి ఇంకా గట్టిగా అంటుకుంటుంది. తర్వాత వేడినీళ్లు, సబ్బు వేసి గట్టి బ్రష్‌తో గాట్ల వెంబడి రుద్దాలి. అసలు పాచిని విడగొట్టేది ఈ రుద్దుడే. సబ్బు నురుగు పూర్తిగా పోయేట్టు కడిగిన తర్వాతే మందు.

మందు కొలత ఇది: 5 శాతం సోడియం హైపోక్లోరైట్ అయితే లీటరు నీళ్లకు 4 మిల్లీలీటర్లు. అప్పుడు లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. బోర్డు అంతా తడిసేట్టు పోసి కనీసం 2 నిమిషాలు వదలాలి. పోసిన వెంటనే తుడిచేస్తే పోసినా పోయనట్టే. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. చివరగా బోర్డును నిలబెట్టి గాలికి ఆరనివ్వాలి, గుడ్డతో ఒత్తకూడదు.

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉన్న ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. సబ్బు సరిగా నురగ రాదు, గిన్నెల మీద తెల్లటి గార కడుతుంది. గరుకైన ఆ గార కింద క్రిములు దాక్కుంటాయి. నిమ్మరసమో వెనిగరో రాసి గారను తీయొచ్చు. కానీ దాన్ని బ్లీచింగ్ నీళ్లతో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. పులుపు పూర్తిగా కడిగాకే మందు వాడాలి.

పోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది?

మొదటి పరీక్ష వేలు. కడిగి ఆరిన బోర్డును తడిపి రుద్దితే జారుతున్నా, మరుసటి రోజు వాసన తిరిగొచ్చినా పాచి ఉన్నట్టే. రెండోది, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. బాగా కడిగిన చోట కొన్ని చుక్కలు వేస్తే నురగ పొంగిందంటే అక్కడ ఇంకా ఏదో మిగిలింది. నెత్తురు మరకకు కూడా ఇది పొంగుతుంది, కాబట్టి నురగ వచ్చిందంటే మళ్లీ రుద్దమని అర్థం. నురగ రాకపోతే అంతా బాగుందని పూచీ లేదు, కొన్ని రకాల క్రిములు ఈ పరీక్షకు దొరకవు.

రుద్దుడుకూ ఒక హద్దుంది. గాట్లు లోతుగా పడిన ప్లాస్టిక్ బోర్డులో బ్రష్ వెంట్రుక అడుగుదాకా పోదు. దాన్ని మార్చడమే దారి. కొత్త బోర్డు తెచ్చినప్పుడు రెండు తెచ్చుకుంటే మేలు, పచ్చి మాంసానికి ఒకటి, ఉల్లిగడ్డ, నిమ్మకాయలకు ఒకటి. వాటికి రెండు రంగులుంటే పనివాళ్లు హడావుడిలో కూడా తికమకపడరు.