ఫోన్ అడగాలి, సర్వర్ తేల్చాలి

చిన్న ఆన్‌లైన్ ఆట రాసేవాళ్లు మొదట్లో సాధారణంగా ఇలా చేస్తారు. బొమ్మ ఎక్కడుందో ఫోనే లెక్కగట్టి, "నేను (42, 17) దగ్గరున్నాను" అని సర్వర్‌కు చెబుతుంది. సర్వర్ ఆ మాటను మిగతావాళ్లకు చేరవేస్తుంది. తెలిసినవాళ్ల మధ్య ఆడినన్నాళ్లు ఇబ్బంది ఉండదు. ఆట నలుగురి చేతుల్లోకి వెళ్లాక ఎవరో ఒకరు గోడల్లోంచి నడిచి వస్తారు, కన్నుమూసి తెరిచేలోగా మైదానం అవతలి మూల తేలతారు.

ఎందుకు ఆపలేం? ఆ ప్రోగ్రామ్ నడుస్తున్నది ఆటగాడి ఫోన్‌లో కాబట్టి. దాని మెమొరీలోని అంకెలు మార్చినా, అది పంపే ప్యాకెట్‌ను మధ్యలో తిరగరాసినా మనకు తెలియదు. ఎన్‌క్రిప్షన్ పెడితే దారిలో ఉన్న మూడోవ్యక్తి చదవలేడు, నిజమే. కానీ ఇక్కడ మోసం చేసేది మూడోవ్యక్తి కాదు. తాళంచెవి ఆ ఫోన్‌లోనే ఉంది.

అయితే ఎలా? ఫోన్ నుంచి ఫలితాన్ని తీసుకోవడం మానేసి, ఆటగాడి కోరికను మాత్రమే తీసుకోవాలి. పైనుంచి చూసే కాల్పుల ఆట ఒకటి అనుకుందాం. ఎనిమిది మంది ఆడతారు, సర్వర్ సెకనుకు 20 సార్లు, అంటే 50 మిల్లీసెకన్లకోసారి లెక్క వేస్తుంది. ఆ ఒక్కో లెక్కనే టిక్ అంటాం. ఫోన్ ప్రతి టిక్‌కూ పంపేది ఇంతే:

```
{ "seq": 512, "dx": 1, "dy": 0, "aim": 0, "fire": false }
```

ఇందులో స్థానం లేదు, వేగం లేదు, ఎవరికి తగిలిందన్న మాటా లేదు. కుడివైపు వెళ్లాలనుకుంటున్నాను, నా గురి కూడా అటే, ఇది నా 512వ కోరిక, అంతే. నడక సెకనుకు 4 మీటర్లయితే సర్వర్ 0.2 మీటరు జరుపుతుంది. అడ్డంగా గోడ ఉంటే అక్కడే ఆపుతుంది.

ఈ కోరికనైనా కళ్లు మూసుకుని నమ్మకూడదు. `dx` స్థానంలో 3 పంపితే మూడింతల వేగం వస్తుంది కదా. అందుకే దిశ పొడవు 1 దాటితే 1కి కుదిస్తాం. ఇక్కడ చాలామంది గమనించని చిల్లు ఒకటుంది. `NaN` అనే విలువ పెద్దదా, చిన్నదా, సమానమా అని దేనితో పోల్చినా జవాబు "కాదు" అనే వస్తుంది. అది లోపలికి వచ్చే దారి ఉంటే `if length > 1` అన్న కాపలాను దర్జాగా దాటిపోతుంది, ఆటగాడి స్థానం కూడా `NaN` అయి కూర్చుంటుంది. అప్పటి నుంచి ఏ తూటా అయినా తగిలేంత దగ్గరలో ఉందా అని అడిగినా జవాబు "కాదు" కాబట్టి అతనికి ఏదీ తగలకపోవచ్చు. అంకె మామూలు అంకేనా అన్నది అన్నిటికన్నా ముందు చూడాలి.

మరి ఫోన్ ప్రతి కోరికనూ సర్వర్‌కు పంపి జవాబు కోసం ఆగితే ఆట నత్తనడక నడవదా? నడుస్తుంది. 1996లో వచ్చిన క్వేక్ ఆటలో సరిగ్గా ఇదే జరిగింది. మీట నొక్కాక సర్వర్ జవాబు వచ్చేదాకా బొమ్మ కదలదు, మోడెమ్‌ మీద ఆడేవాళ్లకు అది నరకం. అదే ఏడాది చివర్లో జాన్ కార్మాక్ విడుదల చేసిన క్వేక్‌వరల్డ్‌లో దీనికి విరుగుడు వచ్చింది. మన ఆటలోనూ అదే చేయొచ్చు. ఫోన్ తన బొమ్మను వెంటనే జరిపేస్తుంది, జవాబు రాని కోరికలను దగ్గర ఉంచుకుంటుంది. "512 వరకు చూశాను, నువ్వు ఇక్కడున్నావు" అని సర్వర్ చెప్పగానే బొమ్మను అక్కడ పెట్టి 513, 514లను మళ్లీ వర్తింపజేస్తుంది. రెండు లెక్కలూ ఒకటే అయితే ఆటగాడికి ఏ తేడా కనిపించదు. ఈలోగా ఎవరైనా అడ్డం వస్తే బొమ్మ కాస్త జరుగుతుంది, ఆ జరుగుడు కుదుపులా కాకుండా మెల్లగా చూపించాలి. ఫోన్ ఊహ తెర వరకే, స్కోరు దాని జోలికి పోదు.

ఇంత చేసినా వేగం దొంగ మరో దారిలో వస్తాడు. ప్రతి కోరికా సక్రమంగానే ఉంటుంది, కానీ సెకనుకు 20 బదులు 40 పంపుతాడు. వచ్చినవన్నీ అమలు చేసే సర్వర్ అతన్ని రెండింతల వేగంతో నడిపిస్తుంది. పోనీ టిక్‌కు ఒక్కటే తీసుకుందామంటే నిజాయితీపరుడు నష్టపోతాడు. అతని వైఫై ఒక్క క్షణం ఆగి, నాలుగు కోరికలు ఒకేసారి వచ్చి పడతాయి. కాబట్టి ఒక్కొక్కరికీ ఒక చిన్న ఖాతా తెరుస్తాం.

```
credit = min(credit + 1, 5)
while queue and credit > 0:
    apply(queue.pop(0))
    credit -= 1
```

టిక్‌కు ఒకటి జమ, కోరికకు ఒకటి ఖర్చు, నిల్వ ఐదు దాటదు. దొంగ టిక్‌కు రెండు చొప్పున పంపితే నిల్వ 5 నుంచి 3కి దిగుతుంది, తర్వాతి టిక్‌లో 4 అయి 2కు, ఆపై 1కి, చివరకు సున్నాకు. ఐదో టిక్ నుంచి అందరిలాగే టిక్‌కు ఒక్కటే. మొత్తమ్మీద అతనికి అదనంగా దక్కింది నాలుగు అడుగులు, అంటే 0.8 మీటరు. నెట్ ఆగినవాడికి మాత్రం తన నాలుగు కోరికలూ పూర్తిగా అందుతాయి. ఎదురుచూసే కోరికల వరుస ఎనిమిది దాటితే మిగిలినవి పారేయాలి, లేదంటే అది పెరుగుతూనే పోతుంది. పారేసినవాటిని లెక్కపెడితే ఎవరేమిటో తెలుస్తుంది. ఫోన్ గడియారం కాస్త వేగంగా నడిచేవాడికి నిమిషానికి ఒకటో రెండో పోతాయి, దొంగకు వెయ్యికి పైగా పోతాయి. మొదటివాడిని ఆట నుంచి తోసేయడం అన్యాయం.

గోడ వెనక ఉన్నవాళ్లను చూపించే మోసానికి మందు వేరు. తెర మీద గీయకుండా ఉంటే చాలదు, ఆ సమాచారమే పంపకూడదు. ఫోన్‌కు చేరిందంటే ఆటగాడికి చేరినట్టే. పేకాటలో ఎదుటివాళ్ల ముక్కలు బోర్లించి ఉన్నా వాటి విలువలు ప్యాకెట్‌లో ఉంటే చదివేస్తారు. అయితే మన ఉదాహరణలో మరీ పిసినారితనం పనికిరాదు. సందు మలుపు దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా వస్తుంటే దూరం సెకనుకు 8 మీటర్ల చొప్పున తరుగుతుంది. నెట్ ఆలస్యం 120 మిల్లీసెకన్లయితే ఆలోగా దాదాపు మీటరు తరిగిపోతుంది. కనిపించాకే పంపితే శత్రువు గాల్లోంచి ఊడిపడ్డట్టుంటుంది. కనుక కనుచూపు హద్దుకు మీటరున్నర కలిపి పంపాలి. ఆ మీటరున్నర మేర దొంగకు చూపు దక్కుతుంది. నేనైతే దానికి ఒప్పుకుంటాను.

ఇక ఫోన్‌ను నిశ్చింతగా నమ్మదగినవి చాలానే ఉన్నాయి. శబ్దం, రంగులు, కెమెరా కుదుపు, మీటల అమరిక, పేలుడు పొగ, ఇవేవీ సర్వర్‌కు తెలియాల్సిన పనే లేదు. వీటిని కూడా కాపలా కాయాలని చూస్తే సర్వర్ ఖర్చు పెరుగుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

గురి మాత్రం వేరే సంగతి. ఎటు కాల్చాలన్నది ఆటగాడి కోరికే కాబట్టి నమ్మక తప్పదు, అక్కడ వేలికి బదులు ప్రోగ్రామ్ గురిపెడితే ప్యాకెట్‌లో ఏ తప్పూ కనబడదు. తూటా ఎవరికి తగిలిందో సర్వరే తేలుస్తుంది, తుపాకీ ఎంత తరచుగా పేలాలో కూడా దాని చేతిలోనే ఉంటుంది. అంతకు మించి ఈ పద్ధతి ఏమీ చేయలేదు. అయితే కోరికలన్నీ మన దగ్గరకే వస్తాయి కనుక వాటిని దాచుకోవచ్చు. ఒక్కోటి 8 బైట్లుగా కుదిస్తే పది నిమిషాల ఆటకు మనిషికి 96,000 బైట్లు. ఎవరిమీదైనా ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ ఆటను మళ్లీ నడిపి, శత్రువు కనిపించిన టిక్‌లోనే గురి ప్రతిసారీ వాడి మీదికి తిరిగిందా అని మనిషే కూర్చుని చూసి తేల్చాలి.