పది కోర్లలో పెద్దవి రెండే

ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్తే షాపులో ముందుగా వినిపించే మాట "పది కోర్లండీ". 2022లో వచ్చిన ఇంటెల్ i5-1235U ప్రాసెసర్ విషయంలో ఆ మాట నిజమే. అయితే ఆ పదీ ఒక్కలాంటివి కావు. రెండు పెద్దవి, వాటిని పెర్ఫార్మెన్స్ కోర్లు అంటారు. మిగతా ఎనిమిదీ చిన్నవి, అవి ఎఫిషియెన్సీ కోర్లు. పెద్ద కోర్ 4.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, చిన్నది 3.3 దగ్గరే ఆగుతుంది. పైగా ఒకే వేగంతో నడిపినా పెద్దదానిదే ఎక్కువ పని.

మరి పదీ పెద్దవే పెట్టొచ్చుగా? ఒక పెద్ద కోర్ పట్టే చోటులో దాదాపు నాలుగు చిన్నవి ఇముడుతాయి. చోటు కంటే పెద్ద చిక్కు కరెంటుతో. కోర్ వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. ఖర్చు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో మరీ పెరుగుతుంది. వేగం 20 శాతం, అందుకోసం వోల్టేజీ 10 శాతం పెంచామనుకుందాం. 1.2ని 1.21తో గుణిస్తే 1.45. అంటే 20 శాతం వేగానికి 45 శాతం ఎక్కువ కరెంటు. మెయిల్ చూసుకోవడానికి, పాటలు వినడానికి అంత ఖర్చు దండగ. ఆ పనులకు చిన్న కోర్లు చాలు.

ఏ పని ఎక్కడికి వెళ్లాలో విండోస్ తేలుస్తుంది. ఏ పని ఎంత బరువైనదో ప్రాసెసర్‌లోని థ్రెడ్ డైరెక్టర్ అనే భాగం దానికి చెబుతూ ఉంటుంది. ఈ పంపకం ఒక్కోసారి మనకు ఎదురు తిరుగుతుంది. పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి, విండో మినిమైజ్ చేసి వేరే పనిలో పడ్డారనుకోండి. మీరు దాన్ని చూడటం లేదు కాబట్టి తొందర లేదనుకుని, విండోస్ ఆ పనిని చిన్న కోర్లకు నెట్టేయొచ్చు. అరగంటలో అవుతుందనుకున్నది సాగుతూనే ఉంటుంది.

అలా జరుగుతోందో లేదో కళ్లతోనే చూడొచ్చు. Task Manager తెరిచి Performance లో CPU మీద నొక్కండి. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి Change graph to, అందులో Logical processors ఎంచుకోండి. పన్నెండు గడులు కనిపిస్తాయి. పెద్ద కోర్ ఒక్కోటి రెండు పనులు కలిపి నడుపుతుంది కాబట్టి మామూలుగా మొదటి నాలుగు గడులు వాటివి, చివరి ఎనిమిది చిన్నవాటివి. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా మొదటి నాలుగూ ఖాళీగా, మిగతావి నిండుగా ఉంటే సంగతి అదే. ఎడిటింగ్ విండోను మళ్లీ ముందుకు తెచ్చి చూడండి, మొదటి నాలుగూ లేస్తాయి.

ఇక బ్యాటరీ. 50 వాట్-అవర్ల బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ మొత్తం 5 వాట్లతో నడిస్తే పది గంటలు వస్తుంది, 15 వాట్లు లాగితే మూడు గంటల చిల్లర. చిన్న కోర్లు తగ్గించేది ప్రాసెసర్ వాటా మాత్రమే. తేలికపాటి పనుల్లో స్క్రీన్ తినేదీ తక్కువేమీ కాదు, వెలుతురు పూర్తిగా పెంచి కూర్చుంటే ఈ కోర్లు మిగిల్చినదంతా అక్కడే పోతుంది.